సూపర్‌వైజర్లతో చెప్పించిన మాట మూడు షిఫ్టులకూ ఒకేలా చేరడం లేదు, మీ ప్లాంట్లలో ఎలా చేస్తున్నారు?

శ్రీనివాస్_పటాన్‌చెరు

అందరికీ నమస్తే. పటాన్‌చెరు దగ్గర ఒక ప్లాంట్‌లో బాట్లింగ్ లైన్ ప్రొడక్షన్ చూస్తాను. మూడు షిఫ్టులు: ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. క్యాపింగ్ మెషీన్‌లో మూత ఇరుక్కుంటే ఇదివరకు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి చేత్తో లాగేసేవాళ్లు. అది ఆపించి కొత్త పద్ధతి పెట్టాం. ముందు కరెంట్ ఐసొలేటర్ ఆఫ్ చేసి తాళం వేయాలి, తర్వాత ఎయిర్ వాల్వ్ మూసి దానికీ తాళం వేయాలి, ఆపైన స్టార్ట్ నొక్కి మెషీన్ కదలడం లేదని చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసులో మీటింగ్ పెట్టి సేఫ్టీ వాళ్లు సూపర్‌వైజర్లకు చెప్పారు, మీ మీ షిఫ్టుల్లో మీరు చెప్పండి అన్నారు.

బుధవారం రాత్రి మెయింటెనెన్స్ అబ్బాయి రౌండ్‌కి వెళ్తే నైట్ షిఫ్ట్‌లో మూత తీస్తున్నారు. కరెంట్‌కి తాళం ఉంది. ఎయిర్ గేజ్ మాత్రం 6 బార్ దగ్గరే నిలబడి ఉంది. ఇదేంటని అడిగితే "కరెంట్ ఆపి తాళం వేయమన్నారు, వేశాం కదా" అన్నారు. సెకండ్ షిఫ్ట్‌లో ఇంకో కథ. తాళం మెయింటెనెన్స్ వాళ్లే వేయాలట, వాళ్లు వచ్చేదాకా లైన్ ఆపుకుని కూర్చుంటున్నారు. సరిగ్గా చేస్తున్నది ఫస్ట్ షిఫ్ట్ ఒక్కటే. సంతకాల షీట్ తెప్పించి చూస్తే మూడు షిఫ్టులదీ నిండుగా ఉంది. ఒకే మాట మూడు రకాలుగా ఎలా అయింది? మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

కిరణ్_క్వాలిటీ

బ్రో, ఈ రోజుల్లో ఇంకా ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి ఏంటి? రెండు నిమిషాల వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. అందరూ అదే మాట, అదే బొమ్మ చూస్తారు. మధ్యలో సూపర్‌వైజర్ ఉంటేనే మాట మారేది, ఆ మెట్టు తీసేస్తే సమస్యే ఉండదు.

కవిత_ఈహెచ్‌ఎస్

కిరణ్ గారు, వీడియోలో మాట మారదన్నది నిజమే, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ లైన్ మీద ఫోన్ పట్టుకోనివ్వరు, లాకర్‌లో పెట్టి వెళ్లాలి. కాంట్రాక్ట్ వాళ్లలో సగం మంది కంపెనీ గ్రూపులోనే ఉండరు. ఉన్నవాళ్లు చూశారని నీలం టిక్ చెబుతుంది కానీ అర్థమైందో లేదో చెప్పదు కదా. ఇంకో సంగతి, "మరి మా మెషీన్‌కి ఎయిర్ వాల్వ్ వెనకాల ఉంది, అక్కడికి చెయ్యి అందదు, ఎలా?" అని ఆపరేటర్‌కి అనుమానం వస్తే వీడియోని అడగలేడు. సూపర్‌వైజర్‌నే అడగాలి. ఆయనకే సరిగ్గా తెలియకపోతే ఏదో ఒకటి చెప్పేస్తాడు. వీడియో సాయానికి పనికొస్తుంది, సూపర్‌వైజర్ బదులు పనికిరాదు.

రామ్మోహన్_విశాఖ (రిటైర్డ్)

శ్రీనివాస్ గారూ, సలహా చెప్పే ముందు ఒక్కటి తెలియాలి. తొమ్మిదిన్నర మీటింగ్‌కి ముగ్గురు సూపర్‌వైజర్లూ వచ్చారా? నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ ఆరింటికి ఇంటికి వెళ్లి పడుకునే మనిషి, ఆయన్ని తొమ్మిదిన్నరకు రమ్మంటే రాడు. మరి ఆయనకి ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు, ఎంతసేపు చెప్పారు? ఇది కనుక్కుని రాయండి. మాట ఎక్కడ విరిగిందో అక్కడే దొరుకుతుంది.

శ్రీనివాస్_పటాన్‌చెరు

కనుక్కున్నాను సార్. మీటింగ్‌కి వచ్చింది ఫస్ట్ షిఫ్ట్ సూపర్‌వైజర్ ఒక్కడే, అదీ లైన్ వదిలి. అక్కడ చూపించింది పదకొండు స్లైడ్లు. పాత యాక్సిడెంట్లు, చట్టం, తాళాల రంగులు, రికార్డు ఫారం అన్నీ చెప్పి ఏడో స్లైడ్‌లో అసలు పద్ధతి చెప్పారు. ఆయన మధ్యాహ్నం రెండింటికి చార్జ్ ఇస్తూ సెకండ్ షిఫ్ట్ సూపర్‌వైజర్‌కి లైన్ పక్కనే నిలబడి చెప్పాడు, ఆ చప్పుడులో. "తాళాలు మెయింటెనెన్స్ దగ్గర ఉన్నాయి, తెచ్చుకుని వేయాలి" అన్నాడట. ఈయనకి అది "మెయింటెనెన్స్ వాళ్లు వేయాలి" అని చేరింది. ఆ రాత్రి నైట్ సూపర్‌వైజర్‌కి వీక్లీ ఆఫ్. బదులు చూస్తున్న సీనియర్ ఆపరేటర్‌కి సెకండ్ షిఫ్ట్ వాళ్లు ఏడో స్లైడ్ ఫోటో తీసి పంపారు. ఆ ఫోటోలో కింది రెండు లైన్లు తెగిపోయాయి. ఎయిర్ వాల్వ్ సంగతి, స్టార్ట్ నొక్కి చూడటం ఆ రెండు లైన్లలోనే ఉన్నాయి.

సురేష్_ఆయిల్‌గ్యాస్_మస్కట్

ఇది షిఫ్ట్ హ్యాండోవర్ సమస్య, ఇందులో అనుమానమే లేదు. 1988 జులై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫామ్ మీద 167 మంది చనిపోయింది ఇలాంటి దానికే. పగటి షిఫ్ట్ వాళ్లు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ విప్పి ఆ చోట తాత్కాలికంగా మూత బిగించారు, ఆ విషయం రాత్రి షిఫ్ట్‌కి చేరలేదు, రెండో పంపు ఆగిపోతే వాళ్లు దీన్నే స్టార్ట్ చేశారు. కాబట్టి మీ హ్యాండోవర్ రిజిస్టర్ గట్టిగా పెట్టండి. ఏం మారిందో అందులో రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

రామ్మోహన్_విశాఖ (రిటైర్డ్)

సురేష్ గారు చెప్పిన ఉదాహరణ నిజమే, రిజిస్టర్ ఉండాల్సిందే. కానీ అది వేరే పని. రిజిస్టర్‌లో రాసేది ఈ ఎనిమిది గంటల్లో మెషీన్ ఏ స్థితిలో ఉందన్నది. ఏ బేరింగ్ వేడెక్కుతోంది, ఏ వాల్వ్ విప్పి ఉంది, ఇలాంటివి. అది ప్రతి షిఫ్ట్‌కీ మారుతుంది, పేజీ తిరగగానే దాని పని అయిపోతుంది. శ్రీనివాస్ గారిది ఎప్పటికీ ఉండాల్సిన కొత్త పద్ధతి. దాన్ని రిజిస్టర్‌లో రాస్తే సోమవారం పేజీలో ఉంటుంది, గురువారం లీవ్ నుంచి వచ్చినవాడు సోమవారం పేజీ తిప్పి చూడడు.

ఇక అసలు విషయం. మీ దగ్గర మాట మూడు చేతులు మారింది. సేఫ్టీ నుంచి ఫస్ట్ షిఫ్ట్‌కి, ఫస్ట్ నుంచి సెకండ్‌కి, సెకండ్ నుంచి ఫోటో రూపంలో నైట్‌కి. అందుకే ఫస్ట్‌లో సరిగ్గా ఉంది, సెకండ్‌లో వంకరపోయింది, నైట్‌లో సగమే మిగిలింది. వాళ్లను తప్పు పట్టేది ఏమీ లేదు. సూపర్‌వైజర్ తన మనుషులకు చెప్పాలి గానీ ఇంకో సూపర్‌వైజర్‌కి చెప్పే పని పెట్టకూడదు. చార్జ్ ఇచ్చే ఐదు నిమిషాల్లో ఆయనకి ప్రొడక్షన్ లెక్క, బ్రేక్‌డౌన్, ఆబ్సెంట్లు, వంద ఉంటాయి.

నేను చేయించింది చెబుతాను. చెప్పే అధికారి ఒక్కరే ఉండాలి, ఆయన ముగ్గురు సూపర్‌వైజర్లకూ తానే స్వయంగా చెప్పాలి. మూడు మీటింగులు అక్కర్లేదు. మధ్యాహ్నం ఒకటీ నలభైకి నిలబడితే దిగే ఫస్ట్ షిఫ్ట్, ఎక్కే సెకండ్ షిఫ్ట్ ఇద్దరూ దొరుకుతారు. అదే రోజు రాత్రి తొమ్మిదీ నలభైకి వస్తే నైట్ సూపర్‌వైజర్ దొరుకుతాడు, సెకండ్ షిఫ్ట్ ఆయన రెండోసారి విని తన అనుమానం అడుగుతాడు. రాత్రి వరకు ఉండటం ఆఫీసు వాళ్లకి కష్టమే. కానీ నెలకి ఒకటో రెండో ఇలాంటి మార్పులుంటాయి, ఆ రోజులకి రావచ్చు. వీక్లీ ఆఫ్ రిలీవర్ ఎవరో ముందే చూసుకుని ఆయన్నీ అదే గదిలో కూర్చోబెట్టాలి. నైట్ షిఫ్ట్‌లో సగం రోజులు చార్జ్ చూసేది ఆయనే.

కవిత_ఈహెచ్‌ఎస్

రామ్మోహన్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పదకొండు స్లైడ్లు సూపర్‌వైజర్‌కి చూపించండి, తప్పు లేదు, ఆయనకి ఎందుకో తెలియాలి. కానీ లైన్ మీద చెప్పాల్సింది మూడు నాలుగు వాక్యాలే, అవి కాగితం మీద రాసి ఇవ్వాలి. మేము వాటిని "మార్చకూడని మాటలు" అంటాం. సూపర్‌వైజర్ ముందు వాటిని ఉన్నదున్నట్టు చదువుతాడు. ఆ తర్వాత తన సొంత మాటల్లో తన లైన్‌కి ఎలా వర్తిస్తుందో చెప్పుకోవచ్చు. మీ విషయంలో ఇలా ఉండేది:

"క్యాపింగ్‌లో మూత ఇరుక్కుంటే ఐసొలేటర్ ఆఫ్ చేసి నీ తాళం నువ్వే వేయి. ఎయిర్ వాల్వ్ మూసి దానికీ నీ తాళం వేయి, గేజ్ సున్నాకి రావాలి. స్టార్ట్ నొక్కు, కదలకపోతేనే చెయ్యి పెట్టు. శుక్రవారం పొద్దున ఆరు నుంచి."

"నువ్వే" అన్న ఒక్క మాట ఉండి ఉంటే సెకండ్ షిఫ్ట్‌లో మెయింటెనెన్స్ కోసం ఎదురు చూసేవాళ్లు కాదు. అంటే కాగితం రాసేవాళ్లు ఇది ఎక్కడ తప్పుగా అర్థమవుతుందో ముందే ఊహించి రాయాలి. దానికి సులువు ఏమిటంటే, రాసిన కాగితం అందరికీ ఇచ్చే ముందు రోజు సంబంధం లేని లైన్‌లో ఒక ఆపరేటర్‌కి చదివి వినిపించి, ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు అనాలి. అక్కడే సగం బయటపడుతుంది.

కరీం_మెకానికల్

మాట సంగతి పక్కన పెట్టండి, ఆ ఎయిర్ వాల్వ్ ఏ రకమో చూశారా? మామూలు బాల్ వాల్వ్ అయితే మూసినా మెషీన్ వైపు లైన్‌లో ఉన్న గాలి అలాగే ఉండిపోతుంది. ఇరుక్కున్న మూత తీయగానే సిలిండర్ ఒక్కసారి కొట్టేస్తుంది, కరెంట్ లేకపోయినా సరే. మూయగానే మెషీన్ వైపు గాలిని బయటికి వదిలేసే లాకౌట్ వాల్వ్ కావాలి. గేజ్ కూడా వాల్వ్ తర్వాత మెషీన్ వైపు ఉండాలి, ముందు ఉంటే అది ఎప్పుడూ 6 బారే చూపిస్తుంది. మీ నైట్ షిఫ్ట్ వాళ్ల గేజ్ ఎటువైపు ఉందో చూడండి, వాల్వ్ మూసే ఉందేమో కూడా.

శ్రీనివాస్_పటాన్‌చెరు

కరీం భాయ్, చూశాం. గేజ్ మెషీన్ వైపే ఉంది, వాల్వ్ తెరిచే ఉంది. ఒకటో లైన్‌లో గాలి వదిలేసే వాల్వ్ ఉంది, రెండో లైన్‌లో మామూలు బాల్ వాల్వే. ఇప్పుడు ఇంకో తలనొప్పి: ఒకే కాగితం రెండు లైన్లకీ పనికిరాదు.

కరీం_మెకానికల్

వాల్వ్ మార్చేదాకా రెండో లైన్‌లో ఆపరేటర్ చెయ్యి పెట్టకూడదు, మెయింటెనెన్స్ వాళ్లే తీయాలి. రెండు రకాల కాగితాలు రాయకండి, ఒక లైన్ మనిషిని ఇంకో లైన్‌కి వేస్తే గందరగోళం అవుతుంది. వాల్వ్ ఖర్చు పెద్దదేమీ కాదు, ముందు అది మార్పించి తర్వాత చెప్పండి.

నాగరాజు_నైట్

నేను ఆపరేటర్‌ని, ఎక్కువగా నైటే చేస్తాను. ఆఫీసు వాళ్లు ఇక్కడ మాట్లాడుతుంటే ఒకటి చెప్పాలనిపించింది. మాకు చెప్పేది ఎక్కడ? షిఫ్ట్ ఎక్కగానే లైన్ పక్కన, కంప్రెసర్ దగ్గర. వెనక నిలబడ్డవాడికి పెదాలు కదలడమే కనిపిస్తుంది. అప్పటికే దిగే షిఫ్ట్ వాళ్లు చెయ్యి ఊపుతుంటారు, బస్ వెళ్లిపోతుందని. "అర్థమైందా?" అంటే అందరం "అయింది సార్" అంటాం. ఎవరూ కాలేదని అనరు. సంతకం షీట్ టీ టైమ్‌లో వస్తుంది, అప్పటికి పేజీ నిండాలి, రానివాడి పేరు కూడా ఎవరో ఒకరు గీసేస్తారు. మా లైన్‌లో ఒడిశా వాళ్లు ఉన్నారు, తెలుగు పని వరకు తెలుసు, ఇలాంటిది వేగంగా చెబితే పక్కవాడు ఏం చేస్తే అదే చేస్తారు.

రామ్మోహన్_విశాఖ (రిటైర్డ్)

నాగరాజు, నువ్వు చెప్పింది బంగారం లాంటి విషయం. "అర్థమైందా" అని అడగడం మానేయాలి. మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి, మెషీన్ ఆగి ఉన్నప్పుడు, "మూత ఇరుక్కుందనుకో, ఇప్పుడు చెయ్యి" అని తాళం చేతికి ఇవ్వాలి. చేస్తూ ఎందుకు చేస్తున్నాడో చెప్పమనాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లకు టీడబ్ల్యూఐ అని శిక్షణ ఇచ్చారు. అందులో పని నేర్పే పద్ధతిలో ఇదే ముఖ్యమైన మెట్టు. ముందు చూపించు, తర్వాత వాడితో చేయించు, చేస్తూ ముఖ్యమైన చోట్లు వాడి నోటితో చెప్పించు.

అందరితోనూ చేయించడానికి టైమ్ ఎక్కడిది అంటారు. మొదటి రోజు నలుగురైదుగురు చాలు, మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూస్తారు. ఎంపిక మాత్రం మీరు చేయండి. ముందుకొచ్చే హుషారైన వాళ్లను కాదు, వెనక నిలబడేవాళ్లను పిలవండి. ఒడిశా కుర్రాళ్లలో ఒకడు చేసి చూపిస్తే మిగతావాళ్లకి వాడే వాళ్ల భాషలో చెబుతాడు, ఆ చెప్పేటప్పుడు సూపర్‌వైజర్ పక్కనే ఉండాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్‌లోనే నోటీసులు ఇంగ్లిష్‌తో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో పెట్టాలని ఉండేది. అది మెజారిటీ సంగతి. ఇక్కడ ప్రమాదం మైనారిటీలో ఉంది, వాళ్లకి నోటీసు చాలదు.

శ్రీనివాస్_పటాన్‌చెరు

సార్, ఇది బాగుంది. కానీ లైన్‌కి రిలీవర్లతో కలిపి 84 మంది. వీక్లీ ఆఫ్‌లు రోజుకి కొందరు చొప్పున ఉంటాయి. ఏ రోజు చూసినా పన్నెండు మంది ఆఫ్‌లో, ఏడెనిమిది మంది లీవ్‌లో ఉంటారు. అందరికీ చేరిందని ఎలా తెలుస్తుంది?

కవిత_ఈహెచ్‌ఎస్

సంతకాల షీట్‌ని తలకిందులు చేయండి. ఖాళీ కాగితం మీద వచ్చినవాళ్లతో సంతకం పెట్టిస్తే రానివాళ్లు కనబడరు. ముందే టైమ్ ఆఫీసు నుంచి 84 పేర్లూ తెచ్చి ప్రింట్ తీయండి, కాంట్రాక్ట్ వాళ్ల పేర్లతో సహా. చెప్పించుకున్నవాడి పక్కన సూపర్‌వైజర్ టిక్ పెడతాడు. ఖాళీగా ఉన్న పేర్లే మీకు కావాల్సిన లిస్టు. సోమవారం మధ్యాహ్నం సూపర్‌వైజర్లకు చెప్పారనుకోండి. సోమవారం సెకండ్, నైట్, మంగళవారం ఫస్ట్ అయ్యేసరికి అరవై నాలుగు అరవై ఐదు టిక్కులు పడతాయి. బుధవారం ఫస్ట్ షిఫ్ట్ అయ్యేసరికి ఆఫ్‌లో ఉన్నవాళ్లు చాలామంది వచ్చేస్తారు. మిగిలేది లీవ్ వాళ్లు, వాళ్ల పేర్లు గేటు దగ్గర కాదు, లైన్‌లో మెషీన్ కేటాయించే బోర్డు మీద ఎర్రగా ఉండాలి. టిక్ లేనిదే క్యాపింగ్ మీద వేయకూడదు.

ముఖ్యమైనది, పద్ధతి మొదలయ్యే రోజు చెప్పే రోజు ఒకటి కాకూడదు. సోమవారం చెప్పి శుక్రవారం పొద్దున ఆరు నుంచి అనండి. చెబుతూ ఉండగానే అమలు మొదలైతే రెండు రోజుల పాటు ఒకే మెషీన్ మీద రెండు పద్ధతులు నడుస్తాయి, అసలు ప్రమాదం అప్పుడే. ఆదివారం షిఫ్ట్ మార్పు మధ్యలో పడకుండా కూడా చూసుకోండి, పడితే ఎవరికి చెప్పారో లెక్క పోతుంది.

కిరణ్_క్వాలిటీ

మేడం, క్వాలిటీ విషయమైతే శుక్రవారం దాకా ఆగొచ్చు. ఇది చేతులు పోయే విషయం. నాలుగు రోజులు పాత పద్ధతిలోనే చెయ్యి పెట్టమంటారా?

కవిత_ఈహెచ్‌ఎస్

మంచి ప్రశ్న. ఆ నాలుగు రోజులూ ఆపరేటర్ ఎవరూ చెయ్యి పెట్టకూడదు, మెయింటెనెన్స్‌ని పిలవాలి అని ఒక్క వాక్యం పెట్టాలి. చిన్న మాట కాబట్టి మారదు.

సురేష్_ఆయిల్‌గ్యాస్_మస్కట్

నైట్‌లో ఉండే మెయింటెనెన్స్ మనిషి ఒక్కడే అయితే? నాలుగు రోజులు లైన్ ఆగుతుంటే ప్రొడక్షన్ మేనేజర్ ఒప్పుకోడు, రెండో రోజుకే ఆపరేటర్లు మళ్లీ చెయ్యి పెట్టేస్తారు. దీని మీద నాకు నమ్మకం లేదు.

రామ్మోహన్_విశాఖ (రిటైర్డ్)

సురేష్ గారి భయం నిజమైనదే. నా అనుభవంలో కొన్ని చోట్ల నిలబడింది, కొన్ని చోట్ల నిలబడలేదు. ప్లాంట్ హెడ్ ఆ నాలుగు రోజుల టార్గెట్ తగ్గిస్తానని నోటితో చెప్పిన చోట నిలబడింది.

ఒక్కటి మిగిలింది. టిక్కులు నిండాక తనిఖీ. సూపర్‌వైజర్‌ని అడగకండి, ఆయన చెప్పాననే అంటారు, నిజంగానే చెప్పి ఉంటారు. శుక్రవారం రాత్రి రెండింటికి వెళ్లి ఆరుగురిని విడివిడిగా అడగండి. మూత ఇరుక్కుంటే మొదట ఏం చేస్తావు, తాళం ఎవరు వేస్తారు, ఎయిర్ ఆగిందని నీకెలా తెలుస్తుంది? ముగ్గురు ఒకే చోట తడబడితే ఆ షిఫ్ట్‌కి మాట అక్కడ విరిగినట్టు. ఎవరి పేరూ రాసుకోకండి, రాసుకుంటే రెండోసారి నిజం చెప్పరు.

శ్రీనివాస్_పటాన్‌చెరు

అప్‌డేట్. రెండో లైన్ వాల్వ్ మార్పించాక మళ్లీ మొదటి నుంచి చేశాం, ఒకటీ నలభైకి, తొమ్మిదీ నలభైకి నేనే నిలబడ్డాను. కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ. చెప్పే చోటు కంప్రెసర్ దగ్గర నుంచి క్యాంటీన్ వరండాకి మార్చాం. నైట్‌లో ఆరుగురిని అడిగితే నలుగురు మూడింటికీ సరిగ్గా చెప్పారు. ఇద్దరు గేజ్ చూడాలన్నది చెప్పలేదు. ఆ ఇద్దరూ డబుల్ డ్యూటీ చేసినవాళ్లు, సెకండ్ షిఫ్ట్ చివర్లో విని నైట్‌లో కొనసాగారు. అప్పటికే అలసిపోయి ఉంటారు. డబుల్ డ్యూటీ వాళ్లకి మర్నాడు మళ్లీ చెప్పాలని పెట్టుకున్నాం.

తేలనిది ఒకటుంది. క్యాంటీన్ వరండాలో పది నిమిషాలు ముందే రమ్మంటే కాంట్రాక్టర్ ఆ పది నిమిషాలకి డబ్బు ఇవ్వనంటున్నాడు, కంపెనీ ఇవ్వాలంటున్నాడు. మీ దగ్గర ఎవరు ఇస్తున్నారు?

నాగరాజు_నైట్

మా దగ్గర ఎవరూ ఇవ్వరు, అందుకే కాంట్రాక్ట్ వాళ్లు సరిగ్గా పదికే వస్తారు. వాళ్లు రానిదే వాళ్లకి చెప్పడం కుదరదు.

కవిత_ఈహెచ్‌ఎస్

మేము ఆ పది నిమిషాలూ షిఫ్ట్ లోపలే పెట్టాం, ఆ రోజుకి లైన్ పది నిమిషాలు ఆలస్యంగా ఎక్కుతుంది. కాంట్రాక్టర్‌తో గొడవ తప్పింది కానీ దిగే షిఫ్ట్ వాళ్లు ఆ పది నిమిషాలు లైన్ నడపాలా వద్దా అన్నది ఇప్పటికీ నెలనెలా పంచాయితీయే. ఎవరైనా అగ్రిమెంట్‌లోనే రాయించుకున్నవాళ్లుంటే ఆ క్లాజ్ ఎలా రాశారో ఇక్కడ పెట్టండి.